క్యాంపస్ షటిల్‌కు దారి చూపే డేటా: సిటీస్కేప్స్‌ లేదా ఐడీడీ?

సిటీస్కేప్స్, ఐడీడీ అంటే ఇండియా డ్రైవింగ్ డేటాసెట్, రెండూ రోడ్డు దృశ్యాల్లో ప్రతి భాగానికీ లేబుల్ ఇచ్చిన చిత్రాల సేకరణలు. డ్రైవర్ లేని షటిల్ కోసం కెమెరా చిత్రంలో నడపదగిన దారిని గుర్తించే మోడల్‌కు ఈ రెండింటిలో దేనితో శిక్షణ ఇచ్చినా శ్రమ దాదాపు సమానమే. తేడా అంతా దారి అంచులోనే ఉంది.

సిటీస్కేప్స్: ఎక్కువగా జర్మన్ నగరాల దృశ్యాలు, రోడ్డు, కాలిబాట స్పష్టంగా విడివడి ఉంటాయి.
ఐడీడీ: హైదరాబాద్, బెంగళూరు పరిసరాల దృశ్యాలు; రోడ్డు పక్కన అవసరమైతే బండి దిగగల మట్టి అంచుకు వేరే లేబుల్ ఉంది.

ఆ లేబుల్‌ను రోడ్డుతో కలిపేస్తే షటిల్ పాదచారుల వైపు జరగవచ్చు, కనుక దాన్ని ఆపత్కాలానికే ఉంచాలి.

మోడల్ గుర్తించిన దారి, అసలు దారి ఎంత మేర కలుస్తాయో చెప్పే ఐఓయూ స్కోరు ఒక్కటే చూసి నమ్మరాదు: 4 మీటర్ల దారి ఒక వరుసలో 400 పిక్సెళ్లుగా కనిపించే చోట 20 పిక్సెళ్లు బయటికి పొంగినా స్కోరు ఇంకా 95 శాతం దాకా చూపుతుంది, నేలపై మాత్రం అది 20 సెంటీమీటర్ల తప్పు.

గట్టు కట్టిన సిమెంటు దారులకు సిటీస్కేప్స్ సరిపోవచ్చు. మట్టి అంచులుంటే ఐడీడీయే మేలు.