నానమ్మ పింఛను: మూడు పేర్లతో రిజిస్ట్రేషన్, ఆ తర్వాత ఇన్నేళ్ల వాడకం

తాతయ్య పోయాక నానమ్మకి, పీఎఫ్ ఉన్న ఉద్యోగుల పింఛను పథకమైన ఈపీఎస్ కింద వితంతు పింఛను పెట్టించాం. కొన్నేళ్లుగా వస్తోంది. కాగితాల్లో పేర్లు కలవని పెద్దవాళ్లున్న ఇళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

తాతయ్య ఆజామాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన పింఛను ఆర్డరులో భార్య పేరు Sathemma. ఆధార్‌లో Satyamma. పాసుబుక్కులో K Sathemma. అందరూ పిలిచేది సత్తెమ్మ అనే, రాసుకున్నవాళ్లే ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకున్నారు.

"ఈ ముగ్గురూ ఒక్కరేనని ఎట్లా నమ్మాలమ్మా?" అన్నాడు కౌంటరులో అబ్బాయి. నానమ్మ కోపం తెచ్చుకోలేదు. "నమ్మొద్దు నాయనా, ఏ కాగితం తేవాలో చీటీ మీద రాసియ్యి" అంది. తర్వాత ఇంకొకాయన వేరే మాట చెప్పినప్పుడు ఆ చీటీయే మమ్మల్ని కాపాడింది.

ఆధార్‌లో పేరు మార్చేయమని చాలామంది సలహా ఇచ్చారు. మేం మార్చలేదు. అందులో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే. పైగా రేషన్, గ్యాస్, ఫోన్ అన్నీ దాని మీదే ఉన్నాయి. దాన్ని అలాగే ఉంచి, బ్యాంకులో కేవైసీ ఫారం ఇచ్చి పాసుబుక్కు పేరు ఆధార్ ప్రకారం మార్పించాం. డబ్బు పడేది ఆ ఖాతాలోనే కాబట్టి ముందు ఆ పని చేసుకోవడం మంచిది.

ఇక మిగిలింది పింఛను ఆర్డరు. Sathemma, Satyamma ఒక్కరేనని, తాతయ్య పేరు, ఆ ఆర్డరు మీదుండే పీపీవో నంబరు కూడా రాసి, స్టాంపు పేపరు మీద నోటరీ అఫిడవిట్ చేయించాం. టైపిస్టు Sathyamma అని కొట్టాడు. నానమ్మకి ఇంగ్లిష్ రాదు. ఆధార్ కార్డు పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పోల్చి, "ఇక్కడ ఒకటి ఎక్కువుంది" అంది. సంతకానికి ముందే దొరికింది కాబట్టి సరిపోయింది. దానికి డెత్ సర్టిఫికెట్, ఇద్దరి పేర్లూ ఉన్న పాత రేషన్ కార్డు జతచేసి, పింఛను దరఖాస్తు ఫారం 10డీతో ఇచ్చాం. అఫిడవిట్‌తో రికార్డులో పేరు మారిపోదు, ఫైలు చూసే మనిషికి నమ్మకం కలుగుతుంది, అంతే.

తాతయ్య పింఛనులో సగం మంజూరైంది. ఈ పథకంలో వితంతువుకు నెలకు 1,000 రూపాయల కన్నా తక్కువ ఇవ్వరు. మందుల ఖర్చుకే చాలదు, అది మాత్రం పెద్ద లోటు.

బతికే ఉన్నామని ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ సంగతి బాగా నచ్చింది. గిన్నెలు తోమి తోమి అరిగిన వేళ్లను వేలిముద్రల మిషన్ పట్టుకునేది కాదు. ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపిస్తే చాలు. పింఛను ఇచ్చే సంస్థ అని అడిగినచోట పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌వోనే ఎంచుకోవాలి, పేరు ఆధార్‌లో ఉన్నట్టే కొట్టాలి. నవంబరు దాకా ఆగనక్కర్లేదు, ఏ నెలలో ఇస్తే అక్కడి నుంచి ఏడాది చెల్లుతుంది. చివర్లో ఆ సర్టిఫికెట్‌కి వచ్చే నంబరు, ప్రమాణ్ ఐడీని పాసుబుక్కు అట్ట మీద రాసిపెడుతున్నాను, ఆమోదం వచ్చిందో లేదో దానితోనే చూసుకోవాలి.