స్వీటీ 16 పాలెట్: కొన్నేళ్లు వాడాక

స్వీటీ 16 పిక్సెల్ బొమ్మలు వేయడానికి ఉచితంగా దొరికే పదహారు రంగుల పాలెట్. గ్రాఫ్ఎక్స్‌కిడ్ అనే పేరుతో బొమ్మలు వేసే ఆర్టిస్టు చేసింది. పాలెట్లు పంచుకునే లోస్పెక్ సైట్లో దొరుకుతుంది. చిన్న చిన్న గేములు చేసే టిక్-80 సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకైతే విడిగా వెతుక్కునే పని కూడా లేదు, తెరవగానే ఉండేది అదే. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ శని, ఆదివారాల్లో గేములు చేసే మేమిద్దరం దీన్ని చాలాకాలంగా వాడుతున్నాం. కోడు నాది, బొమ్మలు కడప నుంచి వచ్చిన మా రూమ్మేట్‌వి.

ఈ పాలెట్ గురించి ఎవరినడిగినా రంగులు ముద్దుగా ఉంటాయంటారు. ఉంటాయి, కాదనను. కానీ ఇన్నాళ్లూ దీన్ని వదలకపోవడానికి కారణం అది కాదు, వాల్యూ. అంటే ఏ రంగన్నది పక్కనబెడితే అది ఎంత వెలుతురుగా ఉందన్నది. దాన్ని L* అనే కొలతతో చూస్తారు: నలుపు 0, తెలుపు 100. పదహారు రంగులకూ ఈ లెక్క కట్టి చూస్తే అవి ఎలా పడితే అలా లేవు, మెట్లు మెట్లుగా ఉన్నాయి. అట్టడుగున దాదాపు నలుపు, 11 దగ్గర. దాని పైన వంకాయ రంగు, ముదురు నీలం, ముదురు బూడిద, మూడూ 25 అటూ ఇటూ. ఆపైన ఎరుపు, నెమలి పచ్చ, నీలం, మధ్య బూడిద, నాలుగూ 43 నుంచి 45 లోపు. నారింజ, ఆకుపచ్చ, ఆకాశ నీలం 65 దగ్గర, లేత బూడిద 70. పసుపు, చిలకపచ్చ, లేత నీలం 85 నుంచి 88. పైన తెలుపు, 96. చెప్పుకోవడానికి పదహారు రంగులు గానీ, కంటికి అసలు తేడా చూపించేవి ఆ ఆరు మెట్లే.

ఇది గేములో ఎలా పనిచేస్తుందో మా స్కూటర్ గేము చెప్తాను. వానాకాలం, బెంగళూరు రోడ్డు, గుంతలు తప్పించుకుంటూ స్కూటర్ మీద పోవాలి. వెనక కబ్బన్ పార్కు చెట్లు, దాని పక్కనే అట్టారా కచేరి అని పిలిచే హైకోర్టు ఎర్ర భవనం. మావాడు మొదట స్కూటర్‌కి ఎరుపు, రోడ్డుకి మధ్య బూడిద, గుంతలకి నీళ్లున్నట్టు నీలం వేశాడు. మానిటర్ మీద చూస్తే భలే ఉంది. ఎరుపు ఎరుపుగా, నీలం నీలంగా కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. మా అక్క కొడుకు ఫోన్లో పెట్టుకుని బాల్కనీలో ఎండలో ఆడాడు. "మామా, గుంత ఎక్కడుంది? ఊరికే చచ్చిపోతున్నా" అన్నాడు.

వాడి తప్పేం లేదు. ఎరుపు 43, నీలం 43, బూడిద 45. మూడూ ఒకే మెట్టు. ఎండ స్క్రీన్ మీద పడితే అన్ని రంగుల మీదా తెల్లటి వెలుగు ఒక పొరలా కలుస్తుంది, దాంతో రంగుల మధ్య తేడా పలచబడుతుంది. వాల్యూ తేడా గట్టిగా ఉంటే ఇంకా కొంత మిగులుతుంది. కేవలం రంగు తేడా మీద నిలబడ్డ బొమ్మకి మిగిలేది ఏమీ ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని కళ్లకి ఈ ఇబ్బంది నీడపట్టున కూడా ఉంటుంది. మా గేములో ఎర్ర స్కూటర్, వెనక నెమలి పచ్చ చెట్లు అంటే వాళ్లకి మరీ కష్టం.

దీన్ని ముందే పట్టుకోవాలంటే గేమంతా బూడిద రంగులోకి మార్చి చూడాలి. మేం గేములు చేసే గోడో 4 ఇంజిన్లో అయితే అన్నిటికీ పైన ఒక CanvasLayer, అందులో స్క్రీనంతా పరుచుకున్న ColorRect పెట్టి, స్క్రీన్ మీది రంగుల్ని మార్చే ఈ చిన్న కోడు, అంటే షేడర్, తగిలిస్తే చాలు:

```
shader_type canvas_item;
uniform sampler2D scr : hint_screen_texture;

void fragment() {
    vec3 c = texture(scr, SCREEN_UV).rgb;
    float y = dot(c, vec3(0.2126, 0.7152, 0.0722));
    COLOR = vec4(vec3(y), 1.0);
}
```

ఇది కచ్చితమైన L* కాదు, కానీ స్కూటర్ రోడ్డులో కలిసిపోతోందా లేదా అన్నది తెలుసుకోవడానికి సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: కలర్ పికర్లో HSV కింద కనిపించే V అంకెని, దాని పేరు కూడా వాల్యూనే అయినా, నమ్మకండి. అక్కడ ఈ ఎరుపు 69, నెమలి పచ్చ 47 అని చూపిస్తుంది. ఎంతో తేడా ఉన్నట్టే అనిపిస్తుంది. కంటికి మాత్రం ఆ రెండూ సమానం.

ఇక్కడే ఈ పాలెట్ మీద నాకు గౌరవం పెరిగింది. స్కూటర్‌ని మాయం చేసిన ఆ గుణమే వెనక బొమ్మకి వరం. ఎర్ర భవనం, పచ్చ చెట్లు, బూడిద రోడ్డు అన్నీ ఒకే మెట్టు మీద ఉన్నాయి కాబట్టి రంగురంగులుగా ఉంటూనే ఒకదాన్ని మించి ఒకటి అరవకుండా వెనకే ఉండిపోతాయి. ఊరు ఊరిలా కనిపిస్తుంది, ఆటకి అడ్డం రాదు. అందుకని మేం ఊరినంతా ఆ మధ్య మెట్టు మీదే ఉంచేశాం. ప్రాణం తీసేవన్నీ అట్టడుగు 11కి దించాం. ఆడేవాడిది పైమెట్టు: పసుపు రెయిన్‌కోటు, 85. రోడ్డు నుంచి కోటుకి 40 తేడా, రోడ్డు నుంచి గుంతకి 34. ఆ తర్వాత అక్క కొడుకు అదే బాల్కనీలో ఆడాడు, గుంతల గురించి మాట్లాడలేదు. ఇంకో లెవెల్ అడిగాడు.

కొత్త బొమ్మ ఏది వేసినా ఇప్పుడు మా ఇద్దరికీ వాదన ఉండదు. ఇది ఊరా, ముప్పా, ఆడేవాడిదా అని చూస్తాం, మెట్టు తేలిపోతుంది. ఆ మెట్టు మీద ఏ రంగన్నది మావాడి ఇష్టం. ఆటో వేసినప్పుడు మాత్రం కాస్త గొడవైంది. బెంగళూరు ఆటో అంటే పచ్చ, పసుపు ఉండాల్సిందే, కానీ పసుపు కోటుకి ఇచ్చేశాం. చివరికి ఆటో టాప్‌ని నారింజకి దించాం. అదేమిటని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. వెనక ఆకాశం లేత బూడిద, 70. స్కూటర్ గాల్లోకి ఎగిరితే 85కీ 70కీ తేడా పదిహేనే, కోటు పలచబడిపోతుంది. చుట్టూ ఒక పిక్సెల్ నల్లగీత గీస్తే గానీ నిలబడలేదు. రాత్రి లెవెల్ ఇంకా కష్టం. ఊరిని ఒక మెట్టు దించితే రోడ్డు 25కి వస్తుంది, గుంత 11 దగ్గరే ఉండిపోతుంది. దానికంటే కిందికి పోవడానికి ఈ పాలెట్‌లో రంగు లేదు. గుంత అంచుకి వీధి దీపం తగిలినట్టు పసుపు పిక్సెళ్లు వేసి గట్టెక్కాం. చీకటి గేము చేసేవాళ్లకి నేనైతే ఈ పాలెట్ చెప్పను.

స్కోరుకీ మాటలకీ తెలుగు అక్షరాలు వాడాం. చిన్న సైజులో ఒత్తులు, గుడులు ఒక్క పిక్సెల్ మందానికి వచ్చేస్తాయి, కాబట్టి నలుపు మీద తెలుపు తప్ప ఇంకేదీ పెట్టలేదు.

నాకు అన్నిటికంటే పెద్ద లోటు గోధుమ రంగు లేకపోవడం. మన మనుషుల ఒంటి రంగు దీనితో సరిగ్గా రాదు. నారింజ వేసి ఎరుపు నీడ ఇస్తే ఎండకి కమిలినట్టుంటారు, ఎరుపు వేసి వంకాయ రంగు నీడ ఇస్తే నాటకంలో మేకప్ వేసుకున్నట్టుంటారు. హెల్మెట్, రెయిన్‌కోటు ఉన్నాయి కాబట్టి మా స్కూటర్ గేము బతికిపోయింది. మట్టికీ ఇదే సమస్య, ఎర్రమట్టి గులాబీ వైపు పోతుంది.

తర్వాతి గేము సీమ పల్లెలో, మట్టి రోడ్డు మీద. దానికి మావాడు డాన్‌బ్రింగర్ 16 అనే ఇంకో పదహారు రంగుల పాలెట్ పెట్టుకున్నాడు. అందులో ముదురు నుంచి లేత దాకా మట్టి రంగులున్నాయి. స్వీటీలో ఉన్నంత పద్ధతిగా ఇందులో మెట్లు ఉంటాయని నేననుకోను. అందుకే షేడర్ ఫైలు ముందే కాపీ చేసి ఇచ్చాను.