నడక, బరువులు: నాలుగేళ్లు చేశాక ఒక ఆఫీసు ఉద్యోగి సమీక్ష

హైదరాబాద్‌లో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తాను. పొద్దున తొమ్మిదిన్నరకి కుర్చీలో కూర్చుంటే లేచేది భోజనానికే. నాన్నకి షుగర్, పెద్దనాన్నకి షుగర్. నలభై దాటాక చేయించిన పరీక్షలో నాకు పరగడుపున షుగర్ 112, గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చూపించే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చాయి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగర్‌కి ముందు మెట్టు అంటారు. చూడ్డానికి సన్నగానే ఉంటాను, పొట్ట మాత్రం కాస్త ఉండేది. మన వాళ్లలో ఇది చాలా మామూలు. బరువు తక్కువే అనిపించినా ఒంట్లో కండ తక్కువ, నడుం చుట్టూ కొవ్వు ఎక్కువ. మందులు మొదలుపెట్టకుండా ముందు వ్యాయామం చేసి చూడమన్నారు డాక్టరు గారు.

మొదటి రెండేళ్లు నడక ఒక్కటే చేశాను. తర్వాతి రెండేళ్లు నడకతో పాటు వారానికి రెండు రోజులు బరువులు. తిండిలో పెద్ద మార్పు లేదు, మధ్యాహ్నం అన్నమే. అందుకే ఏది ఏం చేసిందో కొంతవరకు విడదీసి చెప్పగలుగుతున్నాను.

నడక ఏరోబిక్ వ్యాయామం. పీల్చిన గాలిలోని ఆక్సిజన్ సరిపోయేంత వేగంలో చాలాసేపు చేసేది. వేగం ఎంత ఉండాలన్నదే అసలు సంగతి. పార్కులో కబుర్లు చెప్పుకుంటూ తిరిగే నడక ఏమీ లేకపోవడం కన్నా మేలే, కానీ గుండెకి అది పెద్ద పని కాదు. పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. అడుగుల లెక్కలో అయితే నిమిషానికి సుమారు వంద, ఆ పైన. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం ఇలాంటిది వారానికి 150 నుంచి 300 నిమిషాలు కావాలి. రోజూ అరగంట చొప్పున అయిదు రోజులు నడిస్తే కింది హద్దు అందుతుంది.

నడక నాకు స్పష్టంగా ఇచ్చింది గుండె విషయంలో. పొద్దున లేవగానే చూసుకునే నాడి 82 దగ్గర ఉండేది, ఏడాదిలోపే 70 లోపలికి దిగింది. గుండె ఒక్కో కొట్టుడులో ఎక్కువ రక్తం పంపగలిగితే తక్కువసార్లు కొట్టుకుంటే చాలు, అదీ కారణం. లిఫ్ట్ పనిచేయని రోజు నాలుగో అంతస్తు ఎక్కాక ఆయాసం లేదు. బీపీ కాస్త తగ్గింది, నిద్ర బాగుపడింది. కానీ హెచ్‌బీఏ1సీ 5.9 దగ్గర ఆగిపోయింది. మెడ, నడుం నొప్పులు అలాగే ఉన్నాయి. ఆఫీసులో ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఎత్తి డిస్పెన్సర్ మీద పెట్టాలంటే అప్పటికీ ఇంకొకరి సాయం కావాల్సిందే.

భోజనం తర్వాతి నడకని మాత్రం విడిగా మెచ్చుకోవాలి. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంది కాబట్టి సెలవు రోజుల్లో చూసుకునేవాణ్ణి. అదే అన్నం, అదే పప్పు, అదే కొలత. తిని కూర్చుంటే గంట తర్వాత 165 పైన ఉండేది. తిన్న పావుగంటకి లేచి పదిహేను నిమిషాలు నడిస్తే 140 చుట్టూ ఆగేది. గ్లూకోమీటర్‌లో పది పదిహేను శాతం తేడా మామూలే కాబట్టి ఒక్కసారి చూసి నమ్మకూడదు, అందుకే చాలాసార్లు చూశాను. పనిచేస్తున్న కండ ఇన్సులిన్ సాయం లేకుండా కూడా రక్తంలోని చక్కెరని లాక్కోగలదు. పొద్దున్నే చేసిన నడక కంటే తిన్న వెంటనే చేసే చిన్న నడక ఆ పూట షుగర్ మీద నేరుగా పనిచేయడం ఇందుకే. ఆఫీసు వాళ్లకి ఇంతకన్నా తేలికైనది నాకు కనబడలేదు.

బరువులు అనేరోబిక్ కోవలోకి వస్తాయి. పది సార్లు కూర్చుని లేచే ఒక సెట్ ముప్పై నలభై సెకన్లలో అయిపోతుంది. అంత తక్కువసేపట్లో అంత గట్టి పనికి ఆక్సిజన్‌తో తయారయ్యే శక్తి చాలదు. కండలో అప్పటికే ఉన్న చక్కెర నిల్వని, అంటే గ్లైకోజన్ని వాడుకోవాలి. కండ అన్నది చక్కెరకి గాదె. నడక ఆ గాదెని కొంత ఖాళీ చేస్తుంది, బరువులు ఖాళీ చేయడంతో పాటు గాదెనే పెద్దది చేస్తాయి. తిన్న అన్నంలోని చక్కెరలో పెద్ద వాటా చేరేది కండల్లోకే. ముప్పై దాటాక వాడని కండ ఏటా కొంచెం కొంచెం కరుగుతూ ఉంటుంది, కూర్చునే ఉద్యోగంలో మరీను. నడక ఒక్కటే ఆ నష్టాన్ని పూడ్చదు.

నేను చేసేవి నాలుగే. డంబెల్ ఛాతీకి ఆనించి పట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్, నేల మీది బరువు ఎత్తే డెడ్‌లిఫ్ట్, పుషప్, వంగి డంబెల్‌ని నడుం వైపు లాగే రో. ఒక్కోటి పదేసి చొప్పున మూడు సెట్లు, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి. చివరి రెండు కష్టంగా రావాలి. పన్నెండు సులువుగా వస్తే రెండు కిలోలు పెంచాలి. అసలు రహస్యం ఈ పెంచడంలోనే ఉంది. ఏడాది పొడవునా అవే అయిదు కిలోల డంబెల్స్ ఊపేవాళ్లని జిమ్‌లో చూస్తుంటాను, వాళ్ల కండకి పెరగాల్సిన అవసరమే కలగదు.

ఒక విషయం ముందే తెలిస్తే టెన్షన్ పడరు. గట్టిగా చేసిన వెంటనే షుగర్ చూస్తే పెరిగి ఉండొచ్చు. స్క్వాట్లు అయ్యాక నాకు 104 కాస్తా 130 అయిన రోజులున్నాయి. అడ్రినలిన్ పెరిగి కాలేయం చక్కెరని రక్తంలోకి వదలడం వల్ల అలా జరుగుతుంది, గంటా రెండు గంటల్లో దిగిపోతుంది. లాభం తర్వాత కనిపిస్తుంది. ఖాళీ అయిన కండ మళ్లీ నింపుకోవడానికి ఒకటి రెండు రోజులు ఇన్సులిన్‌కి బాగా స్పందిస్తుంది. కాళ్ల వ్యాయామం చేసిన మర్నాడు అదే అన్నానికి నాకు షుగర్ తక్కువ పెరిగేది. ఆ ప్రభావం రెండు మూడు రోజుల్లో కరిగిపోతుంది కాబట్టి వారంలో ఆ రెండు రోజుల్ని పక్కపక్కన కాకుండా ఎడంగా పెట్టుకుంటాను.

బరువులు మొదలుపెట్టిన ఏడాదికి హెచ్‌బీఏ1సీ 5.6కి వచ్చింది. కాటా మీద బరువు దాదాపు అంతే, ప్యాంటు మాత్రం నడుం దగ్గర వదులైంది. నడుం నొప్పి చాలావరకు పోయింది. నీళ్ల క్యాన్ ఇప్పుడు నేనే ఎత్తి పెడుతున్నాను. నాడి మాత్రం నడకతో దిగిన చోటే ఉంది, బరువుల వల్ల ఇంకా తగ్గలేదు. వైరల్ జ్వరం వచ్చి నడక నెల రోజులు ఆగినప్పుడు మెట్ల దగ్గర ఆయాసం మళ్లీ మొదలైంది. అందుకే రెండిట్లో ఒకటి మానేయమంటే నేను ఒప్పుకోను.

బరువుల్లో జాగ్రత్త పడాల్సింది ఊపిరి దగ్గర. ఊపిరి బిగబట్టి ఎత్తితే బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. బీపీ అదుపులో లేనివాళ్లు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టొద్దు. మర్నాడు, ఎల్లుండి తొడలు పట్టేసినట్టుంటే అది కండ నొప్పి, తగ్గిపోతుంది. కీలులో గుచ్చినట్టు, చేస్తుండగానే నొప్పి వస్తే ఆ రోజుకి ఆపేయాలి. ఛాతీలో బరువు, ఎడమ చేతిలోకి లాగుడు అనిపిస్తే జిమ్‌లో కూర్చుని నీళ్లు తాగుతూ చూడొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇప్పటికే ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతున్నవాళ్లకి వ్యాయామంతో షుగర్ 70 కిందికి పడిపోవచ్చు. వాళ్లు మొదలుపెట్టే ముందు ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి చూసుకోవాలి. జేబులో గ్లూకోజ్ బిళ్లలో, చక్కెర పొట్లమో ఉంచుకోవాలి.