విమానం టైమ్ మారింది: ఒప్పుకోవాలా, రీఫండ్ తీసుకోవాలా?

నెల్లూరు నుంచి చెన్నై వెళ్లి ఢిల్లీ విమానం ఎక్కాలి అనుకుందాం. ఉదయం 11:40 విమానాన్ని 6:15కి మార్చామని మెయిల్ వచ్చింది. కింద రెండు బటన్లు: Accept, Refund.

ఒప్పుకుంటే అదనంగా రూపాయి కట్టక్కర్లేదు, సీటు ఖాయం. కానీ నాలుగింటికల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలంటే అర్ధరాత్రికే నెల్లూరులో కారెక్కాలి. రాత్రి కారు బాడుగ, నిద్ర లేని పిల్లలు, ఇవేవీ మెయిల్‌లో ఉండవు. పైగా Accept నొక్కాక మళ్లీ మార్చమంటే మామూలు చార్జీలు అడగొచ్చు.

రీఫండ్ తీసుకుంటే చేతికొచ్చేది కొన్నప్పటి ధర. 4,800 పెట్టి కొన్న టికెట్ ఇవాళ 8,000 ఉంటే ఆ తేడా మనమే భరించాలి. డబ్బు బదులు క్రెడిట్ షెల్, అంటే తర్వాతి టికెట్‌కి వాడుకునేలా ఎయిర్‌లైన్ దగ్గరే ఉండే జమ, ఇస్తామంటే తీసుకోవాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టం. ఒక్క జాగ్రత్త: మెయిల్‌లోని రీఫండ్ దారిలోనే వెళ్లాలి. వెబ్‌సైట్‌లో మామూలు Cancel నొక్కితే క్యాన్సిలేషన్ చార్జీ కోసేసే ప్రమాదం ఉంది.

నేనైతే రెండూ నొక్కకుండా ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తాను. మార్చింది వాళ్లే కాబట్టి అదే రోజు మధ్యాహ్నం విమానంలోకి ఉచితంగా మార్చమని అడుగుతాను. కుదరదంటే, కొత్త టికెట్ ధర చూశాకే రీఫండ్ మాట.