రొయ్యల సాగు లెక్కల సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లకు జాగ్రత్త: ఒక్క గుంటకే మూడు ఎఫ్‌సీఆర్‌లు చూపిస్తుంది

ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు, అటు సింగరాయకొండ, కొత్తపట్నం వైపు వనామి సాగు చేస్తూ, లెక్కల కోసం సాఫ్ట్‌వేర్ కొనాలనుకుంటున్న వాళ్లందరికీ ఈ పోస్టు. మా భాగస్థులం ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి ఏడాది చందా ముందే కట్టాం. సూపర్‌వైజర్లకు ఫోన్ యాప్, మాకు డాష్‌బోర్డు, ఆడిటర్‌కి ఎక్సెల్ రిపోర్టు వస్తాయన్నారు. అన్నీ వచ్చాయి కూడా. కాకపోతే ఒక గుంట ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకి ఎన్ని కిలోల మేత పట్టిందన్న లెక్క, ఒక్కోచోట ఒక్కోలా వస్తోంది.

పంట అయిపోయిన గుంట ఒకటి తీసుకుని చెప్తాను. పంటకని గోదాం నుంచి ఇచ్చిన మేత 240 బస్తాలు, బస్తా 25 కిలోలు, అంటే 6,000 కిలోలు. అందులో 10 బస్తాలు మిగిలితే పక్క గుంటకు తోలాం. కాబట్టి ఈ గుంటలో వేసిన మేత 5,750 కిలోలు. పట్టుబడి రెండు సార్లు జరిగింది. మొదట పార్షియల్‌గా 80 కౌంట్‌లో, అంటే కిలోకి 80 రొయ్యల సైజులో, 1,000 కిలోలు, చివర్లో 40 కౌంట్‌లో 3,000 కిలోలు. గట్టు మీద తూకం మొత్తం 4,000 కిలోలు. నీరు, మెత్తరొయ్య కింద కోత పోయి కొనుగోలుదారు బిల్లు కట్టింది 3,900 కిలోలకు.

ఇప్పుడు చూడండి. ఫోన్ యాప్ వేసిన మేతను గట్టు తూకంతో భాగించి 1.44 చూపించింది. ఎక్సెల్ రిపోర్టు గోదాం ఇచ్చిన మేతను బిల్లు తూకంతో భాగించి 1.54 అంది. డాష్‌బోర్డు మాత్రం చివరి పట్టుబడిని ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుని, 5,750ని 3,000తో భాగించి 1.92 అంది. మూడింటి మీదా పేరు ఒకటే, ఎఫ్‌సీఆర్. ఏది దేనితో భాగించారో ఎక్కడా రాయలేదు.

ఇదేమీ దశాంశాల దగ్గర చిన్న తేడా కాదు. ఎఫ్‌సీఆర్ 1.5 కన్నా తక్కువ వస్తే సూపర్‌వైజర్‌కి ఇన్సెంటివ్ ఇస్తామని మా దగ్గర మాట. అతను ఫోన్ చూపించి 1.44 అన్నాడు, భాగస్థుల్లో ఒకాయన డాష్‌బోర్డు చూపించి 1.92 అన్నాడు. మేత దొంగతనంగా బయటికి పోతోందేమో అన్నంతవరకు మాట వెళ్లింది. ఆ కుర్రాడు రాత్రింబగళ్లు ఏరేటర్ల దగ్గర కాపలా ఉండి పంట తీసినవాడు. అతని మీద అలాంటి మాట పడడం నాకు చాలా బాధ కలిగించింది.

బతుకుదల లెక్కలోనూ ఇదే గందరగోళం. పార్షియల్‌లో 80,000, చివర్లో 1,20,000, మొత్తం 2 లక్షల రొయ్యలు వచ్చాయి. హ్యాచరీ బిల్లులో పిల్లలు రెండున్నర లక్షలు, అంటే 80 శాతం. కానీ హ్యాచరీ వాళ్లు 10 శాతం బోనస్ పిల్లలు ఇచ్చారు కదా. గుంటలో దిగినవి 2,75,000 అనుకుంటే సుమారు 73 శాతమే. డాష్‌బోర్డు పార్షియల్‌ని ఇక్కడా వదిలేసి 48 శాతం చూపించింది. ఆ 48 చూసి వైరస్ తగిలిందనుకుని ఎవరైనా హ్యాచరీ మార్చేస్తే ఆ నష్టం ఎవరు భరిస్తారు?

కంపెనీకి ఫోన్ చేస్తే, ఒక్కో రిపోర్టు ఒక్కో టీమ్ చేసిందని, ఎవరి ఫార్ములా వాళ్లు రాసుకున్నారని చెప్పారు. మార్చాలంటే అదనపు చార్జీ అన్నారు. గట్టిగా అడిగితే డాష్‌బోర్డు ఒక్కటి సరిచేశారు. అది కూడా మాకు చెప్పకుండా చేయడంతో, అప్పటికే బ్యాంకుకి ఇచ్చిన కిందటి పంట లెక్కలు స్క్రీన్ మీద మారిపోయాయి. ఎక్సెల్ అలాగే ఉంది.

అసలు లోపం వీళ్ల దగ్గర డేటా డిక్షనరీ లేకపోవడం. డేటా డిక్షనరీ అంటే పెద్ద వ్యవహారమేమీ కాదు. ప్రతి కొలతకు ఒక్క పేరు, ఒక్క ఫార్ములా, ఏ ఎంట్రీ నుంచి అంకె తీసుకోవాలి, ఏది కలపాలి, ఏది వదలాలి, లెక్క ఏ రోజుకి ముగుస్తుంది, మార్చే అధికారం ఎవరిది, ఎప్పుడు మార్చారు అన్నవి ఒకే చోట రాసి ఉంచే పట్టిక. అది కాగితం మీద ఉంటే చాలదు. ఫార్ములా కూడా సాఫ్ట్‌వేర్‌లో ఒకే చోట ఉండి, యాప్, డాష్‌బోర్డు, ఎక్సెల్ మూడూ అక్కడి నుంచే అంకె తీసుకోవాలి. స్క్రీన్‌కొక ఫార్ములా పెడితే ఈరోజు కలిసిన లెక్కలు రేపు మళ్లీ విడిపోతాయి.

మేము తర్వాత భాగస్థులందరం కూర్చుని మాకోసం రాసుకున్నది ఇలా ఉంది. సాగు ఎఫ్‌సీఆర్ అంటే గుంటలో వేసిన మేత, దాన్ని పార్షియల్‌తో సహా అన్ని పట్టుబడుల గట్టు తూకంతో భాగించాలి. మిగిలి పక్క గుంటకు పోయిన బస్తాలు తీసేయాలి. వదిలిన పిల్లల బరువు నామమాత్రం కాబట్టి లెక్కలోకి రాదు. ఇన్సెంటివ్ దీని మీదే. అకౌంటెంట్ అడిగేది వేరే ప్రశ్న, డబ్బు వచ్చిన ప్రతి కిలోకి మేత ఎంత అయిందని. అది న్యాయమైన ప్రశ్నే, అందుకని దానికి బిల్లు ఎఫ్‌సీఆర్ అని వేరే పేరు పెట్టాం. దానికీ గుంటలో వేసిన మేతే తీసుకుంటాం, భాగించేది మాత్రం బిల్లు తూకంతో. పంట మధ్యలో విసురు వలతో శాంపిల్ చూసి వేసే లెక్క అంచనా మాత్రమే కాబట్టి దాని పేరులోనే అంచనా అని ఉంటుంది.

గుంటలన్నీ కలిపి సగటు చెప్పేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. రెండో గుంటలో జబ్బు వచ్చి ముందే పట్టేశాం. మేత 3,600, పట్టుబడి 1,800, ఎఫ్‌సీఆర్ 2.00. 1.44నీ 2.00నీ కలిపి సగం చేస్తే 1.72 వస్తుంది. మేత మొత్తం 9,350ని పట్టుబడి మొత్తం 5,800తో భాగిస్తే 1.61. ఫారం మొత్తానికి మేత ఎంత పట్టిందో చెప్పేది రెండోదే, ఎందుకంటే చిన్న పంటకూ పెద్ద పంటకూ అది ఒకే బరువు ఇవ్వదు. అందుకే పట్టికలో ఈ వరుస కూడా రాశాం:

```
FCR = SUM(fed_kg) / SUM(harvest_kg)
```

కొనేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డెమోలో వాళ్ల నమూనా పంట చూసి సరేననకండి. మాకు చూపించిన నమూనాలో పట్టుబడి ఒక్కసారే ఉంది, మేత మిగల్లేదు, బోనస్ పిల్లలు లేవు, తూకంలో కోత లేదు. అలాంటి పంటలో ఏ ఫార్ములా వేసినా ఒకటే అంకె వస్తుంది. మీ పాత పంట ఒకటి, పార్షియల్ ఉన్నదే, చేత్తో లెక్క కట్టి పట్టుకెళ్లండి. దాన్ని మీ ముందే ఎంట్రీ చేయించి, అన్ని స్క్రీన్లూ, ఎక్సెల్ కూడా తెరిపించి అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఫార్ములాల పట్టిక రాతపూర్వకంగా ఇవ్వమనండి. ముందే తెలియజేయకుండా ఫార్ములా మార్చకూడదని, మార్చినా పాత పంటల లెక్కలు పాతగానే ఉంచాలని అగ్రిమెంటులో రాయించండి. పట్టిక అడిగితే తర్వాత పంపిస్తాం అనేవాళ్లకు అడ్వాన్సు ఇవ్వొద్దు.

పట్టిక ఉన్నంత మాత్రాన ఎంట్రీలు నిజమైపోవు. పూటపూటకీ వేసిన మేత కాకుండా, వారానికోసారి ఉజ్జాయింపుగా రాస్తే అన్ని స్క్రీన్లూ కలిసికట్టుగా ఒకే తప్పు చూపిస్తాయి. అందుకని నెలాఖరున గోదాంలో బస్తాలు లెక్కపెట్టి రికార్డుతో సరిచూసుకోవడం మా దగ్గర ఇప్పటికీ ఉంది.

మాలాగే ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లు చందా ముగిసేలోపే రోజువారీ మేత, పట్టుబడి, పిల్లల ఎంట్రీలను విడివిడిగా సీఎస్‌వీ ఫైళ్లుగా దించుకోండి. వాళ్లు లెక్కగట్టిన ఎఫ్‌సీఆర్ రిపోర్టులు మాత్రమే దించుకుంటే అవి దేనికీ పనికిరావు, మూల ఎంట్రీలు ఉంటే ఏ ఫార్ములాతోనైనా మళ్లీ లెక్క కట్టుకోవచ్చు. చందా ముగిశాక లాగిన్ ఆగిపోతుందని మా అగ్రిమెంటులో చిన్న అక్షరాల్లో ఉంది, మీదీ ఒకసారి తీసి చదవండి.