పాత క్యాసెట్ల ట్రాన్స్‌ఫర్‌కు ముందు హెడ్ క్లీనింగ్, డీమాగ్నెటైజర్, అజిమత్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఇంట్లో క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకునేవాళ్లు ముందుగా ఏ సౌండ్ కార్డ్ కొనాలని అడుగుతారు. నన్నడిగితే ఆ ప్రశ్న చివర్లో రావాలి. టేపును చదివే డెక్ హెడ్‌కు మడ్డి పట్టి, అది కాస్త వంకరగా కూర్చుని ఉంటే ఎంత ఖరీదైన కార్డ్ పెట్టినా మందంగా ఉన్న గొంతే మందంగా రికార్డవుతుంది. నేను వాడేది ఒకవైపే తిరిగే మామూలు స్టీరియో డెక్. దాంతోపాటు ఐపీఏ అనే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా, దూది పుల్లలు, హెడ్‌కు పట్టిన అయస్కాంతత్వాన్ని తీసేసే, కరెంటుతో పనిచేసే డీమాగ్నెటైజర్ పుల్ల, చిన్న స్టార్ స్క్రూడ్రైవర్. వీటిలో ఏది నిజంగా పనికొచ్చిందో, ఏది అంత అవసరం కాదో చెప్తాను.

క్లీనింగ్‌కు 99 శాతం ఐపీఏనే వాడండి. సెల్‌ఫోన్ రిపేర్ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. హ్యాండ్ శానిటైజర్‌లో గ్లిజరిన్ ఉంటుంది, అది హెడ్ మీద పొరలా మిగిలిపోతుంది. గోళ్ల రంగు తీసే ద్రావకాన్ని ప్లాస్టిక్ దరిదాపుల్లోకి కూడా రానివ్వొద్దు. హెడ్, దాని పక్కనుండే గైడ్లు, సన్నటి ఇనుప ఇరుసు కాప్‌స్టన్, ఈ మూడింటినీ పుల్ల మీద గోధుమరంగు అంటడం ఆగేదాకా తుడవాలి. అందరూ హెడ్‌నే చూస్తారు గానీ టేపును నమిలేసేది ఎక్కువగా కాప్‌స్టన్, దానికి ఆనుకుని తిరిగే రబ్బరు రోలర్ల మీదున్న మడ్డే. రబ్బరు మీద ఐపీఏ మాటిమాటికీ రాస్తే గట్టిపడుతుందనే భయంతో నేను నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి తుడిచి, ఆరబెడతాను. రబ్బరు అద్దంలా మెరుస్తుంటే తుడిచి లాభం లేదు, మార్చాల్సిందే. పాత టేపులు పొడి రాల్చుతాయి కాబట్టి ప్రతి క్యాసెట్ తర్వాతా ఒకసారి చూస్తాను. డ్రై టైప్ క్లీనింగ్ క్యాసెట్లు హెడ్‌ను గీకుతాయి. వాటిని వాడటం పూర్తిగా మానేశాను.

డీమాగ్నెటైజర్ గురించి వినిపించేంత తేడా నా చెవికి ఎప్పుడూ తెలియలేదు. ప్లే చేయడానికే వాడే డెక్‌లో హెడ్ అంత త్వరగా అయస్కాంతం కాదు. అయితే, అయినప్పుడు మాత్రం అది టేపు మీదున్న సన్న శబ్దాలను కొద్దికొద్దిగా చెరిపేస్తుంది, హిస్ అనే సర్రుమనే చప్పుడు పెంచుతుంది. ఒక్కటే కాపీ ఉన్న టేపు విషయంలో అంత రిస్క్ ఎందుకని ఒక్కో విడత పని మొదలుపెట్టే ముందు ఒకసారి వాడతాను. డెక్ ప్లగ్ తీసేసి, క్యాసెట్లన్నీ పక్క గదిలో పెట్టి, పుల్లను చెయ్యి చాచినంత దూరంలో ఆన్ చేయాలి. మెల్లగా దగ్గరికి తెచ్చి హెడ్ ముందు, గైడ్ల ముందు ఆడించి, అంతే మెల్లగా వెనక్కి తీసుకెళ్లి దూరంలోనే ఆఫ్ చేయాలి. హెడ్ దగ్గర ఉండగా స్విచ్ ఆపినా, కరెంటు పోయినా హెడ్ ముందుకంటే ఎక్కువ అయస్కాంతంగా మిగిలిపోవచ్చు. వోల్టేజీ ఊగే వేళ ఈ పని పెట్టుకోకండి. దీనితో నాకు అసలు ఉపయోగం ఇంకోటుంది. మన దగ్గర దొరికే స్క్రూడ్రైవర్ల మొనలు చాలావరకు అయస్కాంతాలే. అలాంటిది హెడ్ పక్కన పెట్టి తిప్పకూడదు, కాబట్టి దాని మొనను ముందు ఈ పుల్లతోనే డీమాగ్నెటైజ్ చేసుకుంటాను.

అసలు ఫలితం అజిమత్‌లోనే, అంటే టేపు మీద హెడ్ ఏ కోణంలో కూర్చుందన్న దాంట్లోనే ఉంది. హెడ్‌లోని సన్నటి చీలిక టేపు నడిచే దిశకు సరిగ్గా నిలువుగా ఉండాలి. ఇక్కడ చాలామంది డెక్‌ను ప్రామాణిక టెస్ట్ టేపుకు సరిచేయాలంటారు. కొత్తగా రికార్డు చేసేటప్పుడు అది సరైన మాటే. ఇంటి టేపులకు అది కుదరదు, ఎందుకంటే వాటిని రికార్డు చేసిన చిన్న మోనో టేప్ రికార్డర్ల హెడ్‌లే వంకరగా ఉండేవి. ఆ రికార్డర్ ఎంత వంకరగా రికార్డు చేసిందో మన డెక్ అంతే వంకరగా చదవాలి.

మా ఇంట్లో ఉన్నవాటిలో గల్ఫ్ క్యాసెట్లే ఎక్కువ. ఫోన్ కాల్ ఖరీదుగా ఉన్న రోజుల్లో అక్కడివాళ్లు ఒక వైపు మాట్లాడి పంపితే, ఇక్కడివాళ్లు రెండో వైపు జవాబు రికార్డు చేసేవాళ్లు. అంటే ఒకే క్యాసెట్‌లో రెండు రికార్డర్లు, రెండు అజిమత్‌లు. అలాంటి ఒక క్యాసెట్‌లో ‘ఏ’ వైపు బాగానే వినపడింది. ‘బీ’ వైపు పెద్దమ్మ మాటల్లో శ, ష, స అక్షరాలన్నీ గుడ్డ అడ్డం పెట్టుకుని పలికినట్టున్నాయి. టేపు పాడైందని ఇంట్లో అందరూ తేల్చేశారు.

పాడవలేదని తెలుసుకోడానికి తేలిక మార్గం ఉంది. మోనో రికార్డర్ వేసిన వెడల్పాటి ట్రాక్‌ను స్టీరియో హెడ్ ఎడమ, కుడి అని రెండు పాయలుగా చదువుతుంది. రెండింటిలో ఉన్నది ఒకే గొంతు కాబట్టి రెండూ ఒకేసారి రావాలి. Audacity అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 96,000 హెర్ట్జ్‌తో, అంటే సెకనుకు 96,000 శాంపిళ్లతో, కొన్ని సెకన్లు రికార్డు చేసి, ఒక ‘స’ దగ్గర బాగా జూమ్ చేస్తే, కుడివైపు అల ఎడమదానికంటే దాదాపు 5 శాంపిళ్లు వెనకబడి ఉంది. సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడిచే టేపు మీద అది 2.5 మైక్రాన్ల దూరం. రెండు పాయల మధ్యల నడుమ దూరం 0.9 మిల్లీమీటర్లు కాబట్టి వంకర డిగ్రీలో ఆరో వంతు అన్నమాట. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది. కానీ ఆ రెండు పాయలను కలిపితే 6,000 హెర్ట్జ్ దగ్గర శబ్దం సగానికి పడిపోతుంది, 9,000 దగ్గర దాదాపు మాయమవుతుంది. ‘స’ బతికేది ఆ ప్రాంతంలోనే.

సరిచేసేటప్పుడు విండోస్ సెట్టింగ్స్‌లో Mono audio ఆన్ చేసి, రెండు పాయలూ కలిసిన శబ్దాన్నే హెడ్‌ఫోన్‌లో వింటాను. విడిగా వింటే తేడా అంత తెలియదు, కలిపితే ఇట్టే తెలుస్తుంది. హెడ్‌కు రెండు పక్కలా స్క్రూలుంటాయి. కింద స్ప్రింగ్ ఉన్నదే అజిమత్ స్క్రూ, దాని మీద తరచూ రంగు చుక్క పెట్టి ఉంటుంది. రెండోదాన్ని ముట్టుకోవద్దు. తిప్పేముందు స్క్రూ గాడి ఎటు ఉందో ఫోటో తీసుకోండి. టేపు నడుస్తుండగా కొంచెం తిప్పి ఆగాలి, ఎందుకంటే కంప్యూటర్ ద్వారా వినేటప్పుడు శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది. ‘స’ పదునెక్కి, మళ్లీ మొద్దుబారడం మొదలయ్యేదాకా వెళ్లి, వెనక్కి వచ్చి పదునైన చోట ఆపాలి. ‘బీ’ వైపుకు పావు చుట్టు కూడా పట్టలేదు. తర్వాత ఒక పాయ అలను Invert తో తలకిందులు చేసి రెండూ కలిపి విన్నాను. గొంతు చాలావరకు మాయమై హిస్ మాత్రమే మిగిలింది, అంటే రెండు పాయలూ కలిశాయని అర్థం.

టేపును ముట్టకుండా Audacity లోనే ఒక పాయను జరపొచ్చు కదా అని కొందరంటారు. పాయల మధ్య ఆలస్యం వరకు అది సరిచేస్తుంది. ఒక్కో పాయలోపల వంకర వల్ల పోయిన పదును మాత్రం రాదు. పైగా పాత క్యాసెట్‌లో టేపు నడిచేకొద్దీ ఆ ఆలస్యం మారుతుంటుంది. ఒక మనిషే మాట్లాడిన వైపులో కూడా మధ్యలో మరొకరింటి రికార్డర్‌తో కలిపిన ముక్క ఉండొచ్చు, అక్కడ మళ్లీ తిప్పాల్సి వస్తుంది. అందుకే మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చోట్ల వినకుండా ట్రాన్స్‌ఫర్ మొదలుపెట్టను.

డెక్ ఎంపిక గురించి ఒక మాట. ఆటో రివర్స్ డెక్‌లలో హెడ్ తిరిగి రెండు స్థానాల్లో కూర్చోవాలి, కాబట్టి కుదిరిన అజిమత్ అంత నికరంగా నిలవదు. వాడిన డెక్ కొంటుంటే ఒకవైపే తిరిగేది, తలుపు తీస్తే స్క్రూ కనిపించేది చూసుకోండి. హిస్ తగ్గించే డాల్బీ ఎన్ని రకాలుందో పట్టించుకోనక్కర్లేదు. ఆ చిన్న రికార్డర్లలో డాల్బీ ఉండేదే కాదు, కాబట్టి ఈ టేపులకు దాన్ని ఆఫ్‌లోనే ఉంచాలి. డీమాగ్నెటైజర్‌కు డబ్బు సరిపోకపోతే ఎవరిదైనా ఒక్కరోజు అరువు తెచ్చుకోండి. ఐపీఏ, స్క్రూడ్రైవర్ మాత్రం సొంతవి కావాలి.