హనుమకొండలో ఇల్లు చూసిపెట్టే ఏజెన్సీతో మా ముగ్గురికి జరిగినది: ఉమ్మడి ఇల్లు ఉన్నవారికి హెచ్చరిక

అమ్మానాన్నల ఇల్లు అద్దెకిచ్చి, తోబుట్టువులు తలో ఊళ్లో ఉంటూ, ఆ ఇంటిని ఏదైనా ఏజెన్సీకి అప్పగించాలని అనుకుంటున్నవారు సంతకం పెట్టే ముందు ఇది చదవండి. ఏజెన్సీ పేరు రాయడం లేదు, వ్యవహారం ఇంకా తేలలేదు. పేరు కన్నా వాళ్లు లెక్క చూపించిన తీరు తెలియడం మీకు ఎక్కువ అవసరం.

మాది హనుమకొండలో నాన్న కట్టించిన ఇల్లు. కింద ముందు పోర్షన్ 14,000, వెనక పోర్షన్ 9,000, పై అంతస్తు 13,000, కలిపి నెలకు 36,000 అద్దె. నాన్న 2019లో, అమ్మ 2023లో పోయారు. వీలునామా లేదు. అన్నయ్య, నేను, తమ్ముడు, ముగ్గురికీ సమాన వాటా. అన్నయ్య రిటైరై హైదరాబాదులో ఉన్నాడు, తమ్ముడు పుణెలో, నేను కరీంనగర్‌లో. అమ్మ ఉన్నంతకాలం పైన తనే ఉండి, కింద అద్దెలు తనే వసూలు చేసుకునేది. ఆమె పోయాక చూసేవారు లేక 2024 మార్చిలో ఆ ఏజెన్సీకి ఇచ్చాం. నెల అద్దె మీద 8 శాతం, కొత్తగా ఎవరినైనా దింపితే ఒక నెల అద్దె, మరమ్మతులకు అయినంత ఖర్చు. ఇదీ ఒప్పందం. అన్నయ్య ఒక్కడే సంతకం పెట్టాడు, డబ్బు కూడా అన్నయ్య ఖాతాలోకే వచ్చేది. ఇంటికి పెద్ద కాబట్టి మాకెవరికీ అందులో తప్పు కనిపించలేదు. తర్వాత వచ్చిన చిక్కులన్నీ అక్కడినుంచే మొదలయ్యాయి.

ప్రతి నెలా ఏజెన్సీ పంపిన లెక్కలో ఒకే అంకె ఉండేది: ఖర్చులు పోను ఇంత. వసూలైన అద్దె ఎంత, కమిషన్ ఎంత, ఏ బిల్లు ఎంత అన్నది ఉండేది కాదు. ఆ అంకెను అన్నయ్య మూడు భాగాలు చేసి మాకు పంపేవాడు. మొదటి నెలలో కొంచెం ఎక్కువే వచ్చింది. పై అంతస్తులో దిగినవారు ఇచ్చిన రెండు నెలల అడ్వాన్సు 26,000 కూడా అందులో కలిసి ఉందని, అద్దెతోపాటు దాన్నీ పంచుకున్నామని మాకు ఏడాది తర్వాత తెలిసింది. అడ్వాన్సు మన ఆదాయం కాదు. ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేసిన రోజున తిరిగి ఇవ్వవలసిన అప్పు.

ఆ రోజు 2025 మార్చి నెలాఖరున వచ్చింది. ఏప్రిల్‌లో పైన ఖాళీ. కింద రెండు పోర్షన్ల అద్దె 23,000. అందులో కమిషన్ 1,840, వెనక్కి ఇచ్చిన అడ్వాన్సు 26,000 తీసేస్తే, మేమే 4,840 బాకీ ఉన్నామని కాగితం వచ్చింది. ఆ నెల అన్నయ్య నుంచి డబ్బు రాలేదు. ఎందుకు రాలేదో అన్నయ్యకే సరిగ్గా తెలియదు, మాకేం చెబుతాడు? తమ్ముడు ఫోనులో గట్టిగా అడిగాడు. అన్నయ్యకు కోపం వచ్చింది. తన పేరు మీద ఒక్క రూపాయి కూడా ఉంచుకోని మనిషిని సొంత తోబుట్టువులే అనుమానించాం. నెలల తరబడి మా ఇళ్ల మధ్య పలకరింపు లేదు. ఏజెన్సీ మీద నా కోపమంతా ముందు దీని గురించే, డబ్బు సంగతి ఆ తర్వాత.

అసలు ఆ కుటుంబం ఎందుకు ఖాళీ చేసిందో ఈమధ్యే తెలిసింది. నెలనెలా ఐదో తేదీలోపు అద్దె ఇచ్చేవాళ్లట. ఏజెన్సీ 15,000 అడిగింది, వాళ్లు కుదరదన్నారు, ఖాళీ చేయించారు. మే నెలలో కొత్తవాళ్లు 13,500కు దిగారు. ఇప్పుడు లెక్క వేయండి. మాకు పెరిగింది నెలకు 500, ఏడాదికి 6,000. పోయింది ఏప్రిల్ ఖాళీ నెల 13,000, కొత్తవారిని దింపినందుకు ఏజెన్సీ పట్టుకున్న ఒక నెల అద్దె 13,500, కలిపి 26,500. మంచి కిరాయిదారు నాలుగేళ్లు కదలకుండా ఉంటే ఏజెన్సీకి 8 శాతమే, ఏడాదికోసారి మారితే అదనంగా ఒక నెల అద్దె. అందుకే ఒప్పందంలో ఈ షరతు కనిపిస్తే, రెండేళ్లలోపు కిరాయిదారు మారితే కొత్తగా ఫీజు ఉండదని రాయించండి. మా ఒప్పందంలో ఆ మాట లేదు.

ఇక పెయింటింగ్ బిల్లు. పై అంతస్తు లోపల రంగులు, పైకప్పు చెమ్మ పనులకని 58,000, దానిమీద పర్యవేక్షణ ఖర్చు 15 శాతం కింద 8,700 కలిపి 66,700 రూపాయలను మూడు నెలల్లో కోసుకున్నారు. ఒప్పందంలో పర్యవేక్షణ అన్న మాటే లేదు. ఇది కూడా మాకు అప్పుడు తెలియదు, తక్కువ వస్తోందని మాత్రమే తెలుసు.

ఈ జనవరి చివర మేడారం జాతరకు వెళ్లి వస్తూ ఇంటి దగ్గర ఆగాను. వెనక పోర్షన్‌లో ఉండే ఆమె అమ్మ కాలం నుంచీ మాకు తెలిసిన మనిషి. మాటల్లో, "పైన రంగులు వేసిందెప్పుడక్కా? మేం చూడలేదే" అంది. పైవాళ్లను అడిగి లోపలికి వెళ్లాను. హాల్లో ల్యాండ్‌లైన్ ఫోను పెట్టుకునే గూడు ఉంది. దాని పక్కన గోడ మీద నాన్న నీలం బాల్‌పెన్నుతో గ్యాసు బుకింగ్ నంబరు, దాని కింద ప్లంబర్ నంబరు రాసుకున్నాడు. రెండూ స్పష్టంగా చదవడానికి వస్తున్నాయి. కొత్త రంగు వేసిన గోడ మీద అవి ఉండవు. వంటింట్లో, వెనక గదిలో కూడా పాత సున్నమే, చేత్తో రుద్దితే పొడి అంటుకుంది. పైకప్పు మీద ఒక మూల మాత్రం కొత్తగా సిమెంటు పూత ఉంది, అంతే. గోడలన్నీ ఫోటోలు తీసి అక్కడినుంచే అన్నయ్యకు పంపాను. అన్నయ్య వెంటనే ఫోను చేసి, "ఈ బిల్లు నేను కూడా చూడలేదమ్మా" అన్నాడు. ఆ రోజు మేం మళ్లీ మాట్లాడుకున్నాం.

మర్నాడు ఏజెన్సీకి వెళ్లి, రంగులు కొన్న రసీదు, కూలీల లెక్క అడిగాను. "ఒప్పందం మీ అన్నగారితో, మీరు మా పార్టీ కాదు" అన్నారు. ఇంట్లో మూడో వంతు నాది, అయినా ఆ కాగితంలో నా పేరు లేదు. ఒకరే సంతకం పెట్టవలసి వస్తే, మిగతావారి అధికార పత్రం జతచేసి, యజమానుల్లో ఎవరు అడిగినా బిల్లులు చూపాలని అందులో రాయించండి.

పన్ను దగ్గర మేము చేసుకున్న పొరపాటు కూడా చెప్పాలి, ఇది ఏజెన్సీ తప్పు కాదు. అద్దె మొత్తం అన్నయ్య ఖాతాలో పడింది కాబట్టి రిటర్నులో అంతా తన ఆదాయంగానే చూపించాడు. 2024-25లో వచ్చిన అద్దె 4,32,000. ఇంటి పన్ను కట్టిన 9,600 తీసేస్తే 4,22,400. దాంట్లో 30 శాతం ప్రామాణిక మినహాయింపు పోగా 2,95,680 మీద పన్ను పడుతుంది. ఏజెన్సీ కమిషన్, మరమ్మతులు విడిగా తీసేయడానికి వీల్లేదు, అవన్నీ ఆ 30 శాతంలోనే కలిసినట్లు. అన్నయ్యది 20 శాతం శ్లాబు. సెస్సు కాకుండా 59,136 కట్టాడు. మూడో వంతు చొప్పున మా ఇద్దరి దగ్గరా 19,712 కోసుకున్నాడు. తన లెక్కలో అది న్యాయమే. కానీ వాటాలు స్పష్టంగా ఉన్న ఉమ్మడి ఇంట్లో ఎవరి వాటా అద్దెకు వారే తమ రిటర్నులో పన్ను లెక్క చూపాలి. నా వాటా 98,560. నాది ప్రైవేటు స్కూలు జీతం, ఆ మొత్తం కలిపినా నాకు పన్ను పడదు. అంటే నా నుంచి పోయిన 19,712 ఎవరికీ అవసరం లేని ఖర్చు. ఈ సంవత్సరం నుంచి ముగ్గురం విడివిడిగా చూపిస్తున్నాం.

మరి ఇప్పుడు ఎలా చేస్తున్నామంటే, ఏజెన్సీని మాన్పించి, ముగ్గురి పేరు మీద ఇంటి కోసమే ఒక ఖాతా తెరిచాం. అద్దె అంతా అందులోకే వస్తుంది. అడ్వాన్సులు అదే బ్యాంకులో విడిగా డిపాజిట్ చేసి, వాటిని ముట్టుకోవడం లేదు. అద్దెలో పదో వంతు మరమ్మతులకు పక్కన పెట్టాక మిగిలింది మూడు వాటాలు. పోర్షన్‌కు ఒకరు చొప్పున పంచుకుందామని తమ్ముడు మొదట అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఏ పోర్షన్ ఖాళీ అయితే ఆ ఒక్కరే నష్టపోతారు, పైకప్పు కారితే ఖర్చు పైవాటా వారిదా, అందరిదా అన్న తగాదా వస్తుంది. ఖాళీ నెలైనా, కారే పైకప్పైనా ముగ్గురిదీ.

ఖర్చుల్లో తేడా గుర్తించడం మాకు ఈ దెబ్బతోనే తెలిసింది. ఇంటి పన్ను, కారే పైకప్పు, పాడైన బోరు మోటారు వంటివి ఆపలేనివి, వాటా ప్రకారం అందరూ భరించాలి. కరెంటు, నీటి బిల్లులు వాడుకున్నవారివి. కొత్త గది, టైల్స్, గేటు మార్చడం వంటివి ఇంటి విలువ పెంచేవి, అవి ముగ్గురూ ముందే ఒప్పుకుంటేనే మొదలుపెట్టాలి. ఒకరు ముందే చేయించేసి తర్వాత మూడో వంతు ఇవ్వమంటే అది అడిగే పద్ధతి కాదు. 5,000 లోపు మరమ్మతు అన్నయ్య సొంతంగా చేయించవచ్చు, అంతకుమించితే ముందు ఫోటో, తర్వాత కొటేషన్, ఇద్దరి ఒప్పుదల ఉండాలి. హైదరాబాదు నుంచి వచ్చి చూసే అన్నయ్య శ్రమకు నెలకు 1,500 ముందే తీసేస్తున్నాం. మొదట వద్దన్నాడు. నేను పట్టుబట్టాను. ఊరికే చేసే పని కొన్నాళ్లకు మనసులో భారమవుతుంది.

ఉమ్మడి ఇంటి అద్దె వసూలు చేసే వాటాదారు మిగతావారికి లెక్క చెప్పవలసిందే, ఆ హక్కు మనకుంది. కోర్టుకు వెళ్తే ఏళ్లు పడుతుంది, ఆలోపు అన్నాచెల్లెళ్ల మాట పోతుంది. అందుకే నెలనెలా వచ్చిన మొత్తం అద్దె, ఒక్కో కోత, బిల్లు ఫోటో ముగ్గురికీ ఒకేసారి వెళ్లేలా చేసుకున్నాం.

66,700 తిరిగి ఇవ్వమని లాయరు ద్వారా నోటీసు పంపాం, సంతకం అన్నయ్యదే. జవాబు వచ్చాక ఇక్కడే రాస్తాను. ఆ లోపు మీరెవరైనా ఇలాంటి ఏజెన్సీ దగ్గరికి వెళ్తే, ముందు వాళ్లు ఇంకో ఇంటివారికి పంపిన నెల లెక్క కాగితం ఒకటి, పేర్లు కప్పేసి చూపించమనండి. అందులో ఒకే అంకె ఉంటే సంతకం పెట్టకుండా వచ్చేయండి.